ఏ సరుకు మీద డబ్బు పెట్టాలి: ఆదాయం ప్రకారం స్టాకును వరుస పేర్చే పద్ధతి

"మన దగ్గర బాగా పోయేది ఏది?" అని స్టాకు చూసే మనిషిని అడగండి. రోజూ ఎక్కువసార్లు చేతికి తగిలే వస్తువు పేరే చెబుతాడు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఎక్కువసార్లు చేతులు మారేదీ ఎక్కువ డబ్బు తెచ్చేదీ ఒకటే కానక్కర్లేదు. నేను మొదటిసారి స్టాకును వరుస పేర్చినప్పుడు ముక్కల లెక్కన పేర్చాను. చిల్లర సామానంతా పైకొచ్చి కూర్చుంది, అసలు డబ్బు తెచ్చేవి అడుగున పడ్డాయి. ఆ కాగితం చూసి ఆర్డర్లు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

దీనికి వాడే పద్ధతిని ఏబీసీ విశ్లేషణ అంటారు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఫోర్డ్ డికీ 1951లో దీని గురించి రాశాడు. సరుకులను అవి తెచ్చే డబ్బు ప్రకారం పై నుంచి కిందికి పేర్చి, మూడు తరగతులుగా విడగొడతాం. మొత్తం ఆదాయంలో సుమారు 80 శాతం తెచ్చేవి ఏ, ఆ తర్వాతి 15 శాతం బీ, మిగిలిన 5 శాతం సీ. చెప్పడానికి ఇంతే. పేర్చేముందు అంకెలను శుభ్రం చేయడంలోనూ, పేర్చాక ఆ వరుసను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడంలోనే కష్టమంతా ఉంది.

ఒక్క ఉదాహరణతోనే మొత్తం నడుద్దాం. రెండు చక్రాల బండ్ల విడిభాగాలు అమ్మే స్టోరు, పది ఐటమ్‌లు, ఒక ఏడాది అమ్మకాలు. ఏ దేశపు డబ్బయినా లెక్క మారదు కాబట్టి ఉత్త అంకెలే రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ అంకెలు తీసుకోవాలి

పన్నెండు నెలల అమ్మకాలు తీసుకోండి. మూడు నెలలవి తీసుకుంటే సీజన్‌లో మాత్రమే పోయే వస్తువు ఏలోకి ఎక్కుతుంది, లేదంటే అసలు కనబడకుండా పోతుంది. రెండు మూడేళ్లవి తీసుకుంటే ఎప్పుడో చచ్చిపోయిన ఐటమ్‌లు ఇంకా బతికున్నట్టు కనిపిస్తాయి.

ధర అంటే లేబుల్ మీద ఉన్నది కాదు, నిజంగా చేతికి వచ్చినది. డిస్కౌంట్ తీసేయాలి. అమ్మకపు పన్ను తీసేయాలి, అది మన డబ్బు కాదు. వెనక్కి వచ్చిన సరుకును సంఖ్యలోంచి తగ్గించాలి. రిటర్న్‌లు ఎక్కువగా ఉండే ఐటమ్ ఒకటి ప్రతి స్టోరులోనూ ఉంటుంది. బిల్లుల్లో చూస్తే అది రాజాలా ఉంటుంది, రిటర్న్‌లు తీసేశాక మామూలుదే.

తర్వాత పేర్లు. ఒకే వస్తువు సిస్టమ్‌లో రెండు కోడ్‌లతో ఉండటం చాలా మామూలు సంగతి. సప్లయర్ మారినప్పుడు ఎవరో కొత్త కోడ్ తెరుస్తారు, పాతది అలాగే ఉండిపోతుంది. అలా ఆదాయం రెండు ముక్కలై, ఏలో ఉండాల్సింది రెండు బీలుగా కనిపిస్తుంది. అందుకని పేరు ప్రకారం ఒకసారి పేర్చి, పక్కపక్కన కనబడే జంటలను కలిపేయండి. సైజులు వేరైతే మాత్రం కలపొద్దు. ఒక సైజు టైరు అడిగిన కస్టమర్‌కు ఇంకో సైజు పనికిరాదు.

రెండో అడుగు: పట్టిక

స్ప్రెడ్‌షీట్‌లో A కాలమ్‌లో పేరు, Bలో అమ్మిన సంఖ్య, Cలో నికర ధర. D అనేది ఆ రెండింటి గుణకారం. ముందు D ప్రకారం పెద్దది పైన వచ్చేలా పేర్చేయండి, ఆ తర్వాతే మిగతా ఫార్ములాలు వేయండి. కూడుతూ పోయే కాలమ్ వరుస మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఈ క్రమం తప్పితే తరగతులన్నీ తారుమారవుతాయి.

```
D2: =B2*C2
E2: =D2/SUM($D$2:$D$11)
F2: =SUM($E$2:E2)
G2: =IF(F2-E2<0.8,"A",IF(F2-E2<0.95,"B","C"))
```

E అంటే మొత్తంలో ఆ ఐటమ్ వాటా, F అంటే పై నుంచి అక్కడిదాకా కూడిన వాటా, G అంటే తరగతి. E, F కాలమ్‌లకు శాతం ఫార్మాట్ పెట్టి, ఫార్ములాలను కింది వరుసలకు లాగితే ఇలా వస్తుంది:

| ఐటమ్ | సంఖ్య | నికర ధర | ఆదాయం | వాటా % | కూడిన వాటా % |
|---|---|---|---|---|---|
| ఇంజిన్ ఆయిల్ | 900 | 400 | 3,60,000 | 36.0 | 36.0 |
| టైరు | 120 | 1,800 | 2,16,000 | 21.6 | 57.6 |
| బ్యాటరీ | 85 | 1,600 | 1,36,000 | 13.6 | 71.2 |
| చెయిన్ సెట్ | 100 | 900 | 90,000 | 9.0 | 80.2 |
| బ్రేక్ షూ | 320 | 200 | 64,000 | 6.4 | 86.6 |
| క్లచ్ ప్లేట్ | 70 | 600 | 42,000 | 4.2 | 90.8 |
| ట్యూబ్ | 180 | 200 | 36,000 | 3.6 | 94.4 |
| ఎయిర్ ఫిల్టర్ | 160 | 150 | 24,000 | 2.4 | 96.8 |
| స్పార్క్ ప్లగ్ | 200 | 100 | 20,000 | 2.0 | 98.8 |
| బల్బు | 400 | 30 | 12,000 | 1.2 | 100.0 |

ముక్కల లెక్కన చూస్తే బల్బు రెండో స్థానంలో ఉండేది, బ్యాటరీ తొమ్మిదో స్థానంలో. ఇక్కడ బ్యాటరీ మూడోది, బల్బు ఆఖరిది.

ముందుకెళ్లే ముందు రెండు తనిఖీలు చేయండి. D మొత్తం మీ ఖాతా పుస్తకంలోని నికర అమ్మకాలతో సరిపోవాలి. F ఆఖరి గడిలో సరిగ్గా 100 రావాలి. 103 లాంటిది వచ్చిందంటే, బయటి నుంచి తెచ్చి అతికించిన ఆదాయపు అంకెల్లో కొన్ని అంకెలుగా కాక అక్షరాలుగా పడ్డాయని అర్థం. వాటిని SUM లెక్కలోకి తీసుకోదు గానీ భాగహారం తీసుకుంటుంది. ఆ గడులను అంకెలుగా మార్చాక మళ్లీ చూడండి.

మూడో అడుగు: గీతలు ఎక్కడ గీయాలి

పై ఫార్ములాలో F2 బదులు F2-E2 ఎందుకు పెట్టానో చెప్పాలి. చాలామంది కూడిన వాటా 80 లోపు ఉంటే ఏ అని రాస్తారు. అలా రాస్తే చెయిన్ సెట్ 80.2 కాబట్టి బీలోకి జారిపోతుంది. ఇది చిన్న నష్టమే. ఒకే ఐటమ్ ఒక్కటే 85 శాతం తెచ్చే స్టోరులో అయితే, మొదటి వరుసలోనే 80 దాటిపోయి ఆ ఐటమ్ బీ అయి కూర్చుంటుంది, ఏలో ఒక్కటీ ఉండదు! F2-E2 అంటే ఆ ఐటమ్‌కు ముందు వరకు కూడిన వాటా. గీతను దాటించిన ఐటమ్ కూడా పై తరగతిలోనే ఉంటుంది.

దీనికీ ఒక లోపం ఉంది. ఎయిర్ ఫిల్టర్‌కు ముందు వరకు కూడినది 94.4 కాబట్టి ఈ ఫార్ములా దాన్ని బీ అంటుంది. నేను దాన్ని చేత్తో సీలోకి దించాను, ఎందుకంటే ఆదాయంలో దాని పక్కవాడు స్పార్క్ ప్లగ్‌కు అది చాలా దగ్గర. 80, 95 అనేవి వాడుకలో స్థిరపడ్డ గీతలే గానీ లెక్కల సూత్రాలు కావు. వాటా కాలమ్‌ను పై నుంచి కిందికి చూస్తూ, ఎక్కడ పెద్ద దిగుడు కనబడితే అక్కడ గీత గీస్తే సరిపోతుంది. ఈ ఉదాహరణలో మొదటి నాలుగు ఏ, తర్వాతి మూడు బీ, చివరి మూడు సీ.

పదిలో నాలుగు ఏ అంటే 40 శాతం, 20 శాతం కావాలి కదా అని అనుమానం రావచ్చు. 80 శాతం ఆదాయం 20 శాతం సరుకుల నుంచే రావాలన్న నియమం ఏమీ లేదు. పది ఐటమ్‌ల జాబితాలో దిగుడు మెల్లగా ఉంటుంది. వందల ఐటమ్‌లు ఉన్నచోట ఏ తరగతి మామూలుగా ఇంకా సన్నగా తేలుతుంది. మీ అంకెలు చెప్పినదే తీసుకోండి, 20 కోసం వాటిని సాగదీయొద్దు.

నాలుగో అడుగు: వరుసను నమ్మే ముందు అడగాల్సినవి

ఈ భాగం దగ్గర తొందరపడొద్దు. పట్టిక ఏడాదిలో అమ్మినదాన్ని చూపిస్తుంది. అమ్మగలిగి ఉండేదాన్ని చూపించదు.

క్లచ్ ప్లేట్ నాలుగు నెలలు స్టాకులో లేదనుకోండి. 42,000 అనేది ఎనిమిది నెలల సంపాదన. ఏడాదంతా ఉండి ఉంటే అదే వేగంతో 63,000 వచ్చేది, అంటే బ్రేక్ షూ పక్కన నిలబడేది. దాన్ని ఉన్నపళంగా కింద పెట్టి ఇంకా తక్కువ తెప్పిస్తే మళ్లీ అయిపోతుంది, అమ్మకం మళ్లీ తగ్గుతుంది, వచ్చే ఏడాది ఇంకా కిందికి దిగుతుంది. మన తప్పు ఆ వస్తువు తప్పుగా నమోదవుతుంది. అందుకే ప్రతి ఐటమ్ ఏడాదిలో ఎన్ని రోజులు నిల్వ ఉందో పక్కన ఒక కాలమ్‌లో రాసి, ఆదాయాన్ని ఆ రోజులతో భాగించి 365తో గుణించి చూడండి. పదీ ఇరవై రోజులే ఉన్న ఐటమ్‌కు మాత్రం ఈ లెక్క వేయొద్దు, అంకె అడ్డగోలుగా ఉబ్బిపోతుంది.

దీనికి ఎదురు కేసు బ్యాటరీ. 85లో 40 ఒకే కస్టమర్ ఒకే రోజు తన బండ్లన్నిటికీ కొన్నాడని బిల్లులు చూస్తే తెలిసింది. అది తీసేస్తే 45 మిగులుతాయి, ఆదాయం 72,000 అవుతుంది, బ్యాటరీ చెయిన్ సెట్ కిందికి దిగుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికి ఎన్ని బిల్లుల్లో అమ్ముడయిందనే కాలమ్ ఒకటి చాలు. సంఖ్య పెద్దగా, బిల్లులు తక్కువగా ఉంటే ఆగి చూడాలి. నేనైతే బ్యాటరీని ఏలోనే ఉంచుతాను, ఆ కస్టమర్‌తో మాట్లాడాల్సిన అవసరం ఉంది కాబట్టి. నిల్వ మాత్రం ఏడాదికి 45 లెక్కనే పెడతాను. తరగతి మన చూపు ఎక్కడ ఉండాలో చెబుతుంది. షెల్ఫ్‌లో ఎన్ని పెట్టాలో మామూలు గిరాకీ చెబుతుంది. ఈ రెండూ కలిపేస్తే ఒక్క పెద్ద బిల్లు వల్ల గోడౌన్ నిండా బ్యాటరీలు మిగులుతాయి.

మూడోది లాభం. ఆయిల్ మీద 8 శాతం, టైరు మీద 10, బ్యాటరీ మీద 15, చెయిన్ సెట్ మీద 25, బ్రేక్ షూ మీద 40 శాతం మిగులుతుందనుకుందాం. అప్పుడు ఏడాది లాభం ఆయిల్‌కు 28,800, బ్రేక్ షూకు 25,600, చెయిన్ సెట్‌కు 22,500, టైరుకు 21,600, బ్యాటరీకి 20,400. ఆదాయంలో ఐదోదైన బ్రేక్ షూ లాభంలో రెండోది! ఇలాంటి ఐటమ్‌కు ఆదాయం బీ ఇచ్చినా సీ ఇచ్చినా, ఏలాగే చూసుకోవాలి. అలాగని ఆదాయపు వరుసను పారేసి లాభపు వరుస పెట్టుకోమని నేననను. ఆయిల్ కోసం వచ్చిన కస్టమర్‌కు ఆయిల్ లేకపోతే అతను బ్రేక్ షూ కూడా ఇంకోచోటే కొంటాడు. రెండు కాలమ్‌లూ పక్కపక్కన ఉంచి, స్థానం బాగా మారిన ఐటమ్‌లను చేత్తో సర్దితే చాలు.

జంట సరుకుల సంగతీ ఇదే. ట్యూబ్ వాటా 3.6 శాతమే, కానీ ట్యూబ్‌తో నడిచే టైరు అమ్మాలంటే అది పక్కన ఉండాలి. టైరు అడిగినవాడికి ట్యూబ్ లేదంటే టైరు అమ్మకం కూడా పోయినట్టే. అలాంటివాటి ఎదురుగా ఒక గుర్తు పెట్టి, వాటి నిల్వను జంట ఐటమ్‌తో ముడివేయండి. కొత్తగా వచ్చిన ఐటమ్‌లకు చరిత్ర ఉండదు కాబట్టి కనీసం మూడు నెలలు వాటిని ఏ తరగతిలోనూ పెట్టకుండా విడిగా చూడటం మేలు.

ఐదో అడుగు: డబ్బు ఎక్కడ ఇరుక్కుందో చూడటం

చాలామంది ఏ, బీ, సీ అని రాసుకుని అక్కడితో ఆగిపోతారు. వరుస పేర్చినందుకు ఫలితం కనబడేది ఇక్కడే. ఇవాళ షెల్ఫ్‌లో ఉన్న సరుకు విలువను కొన్న ధర ప్రకారం తరగతుల వారీగా కూడండి. మన స్టోరులో మొత్తం 1,50,000 ఉంది: ఏలో 60,000, బీలో 45,000, సీలో 45,000.

ఇప్పుడు ఒక్కో తరగతి ఏడాదికి ఎంత సరుకును ఖాళీ చేస్తుందో, అదీ కొన్న ధరలోనే చూడాలి. అమ్మిన ధరతో పోలిస్తే నిల్వ ఉన్నదానికంటే తక్కువ రోజులకే సరిపోయేలా కనబడుతుంది. ఏ తరగతి కొన్న ధరలో ఏడాదికి 7,08,700 ఖాళీ చేస్తుంది, అంటే చేతిలో ఉన్న 60,000 దాదాపు 31 రోజులకు సరిపడా. బీ ఐటమ్‌ల లాభాలు కూడా తీసేసి చూస్తే ఏడాదికి 92,700, అంటే ఐదున్నర నెలలకు పైనే. సీలో ఏడాదికి పోయేది 30,000 మాత్రమే. ఉన్నది 45,000. అంటే ఏడాదిన్నరకు సరిపడా బల్బులూ ప్లగ్గులూ ఫిల్టర్లూ కొని పెట్టుకున్నాం.

ఇలా ఎందుకవుతుందో స్టాకు చూసేవాళ్లకు తెలుసు. చిల్లర సామాను చవక, పెట్టె మొత్తం తీసుకుంటే ఇంకాస్త తగ్గుతుంది, చోటు కూడా తక్కువే పడుతుంది. ఒక్కొక్కసారి చూస్తే ప్రతి నిర్ణయమూ సబబే. కూడితేనే తెలుస్తుంది, ఆదాయంలో 5.6 శాతం తెచ్చేవాటిలో మన డబ్బు 30 శాతం ఇరుక్కుందని.

సీని ఆరు నెలల నిల్వకు, అంటే 15,000కు దించితే 30,000 బయటికొస్తుంది. కానీ అది రేపే రాదు. కొత్తగా ఏమీ కొనకుండా ఉన్నదాన్ని అమ్ముతూ పోతే ఆ స్థాయికి రావడానికి ఏడాది పడుతుంది. ఈలోగా ఏదో ఒక ఐటమ్ ముందే అయిపోతుంది, దాన్ని కొద్దిగా కొనక తప్పదు. కాబట్టి ఆ డబ్బు నెలనెలా కొంచెం కొంచెంగా చేతికొస్తుందని లెక్కేసుకోండి.

అది ఎక్కడ పెట్టాలి? ఏలో అన్నిటి మీదా సమానంగా చల్లకండి. 31 రోజులు అనేది సగటు, సగటు వెనక చాలా దాక్కుంటాయి. విడదీస్తే టైరు 45 రోజులకు, బ్యాటరీ 47 రోజులకు, చెయిన్ సెట్ 32 రోజులకు సరిపడా ఉన్నాయి. ఆయిల్ మాత్రం 41 డబ్బాలే. రోజుకు సుమారు రెండున్నర డబ్బాలు పోతాయి కాబట్టి 16 రోజులు వస్తుంది. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 12 రోజులు. సప్లయర్ నాలుగైదు రోజులు ఆలస్యం చేస్తే 36 శాతం ఆదాయం తెచ్చే ఐటమ్ షెల్ఫ్ ఖాళీ.

మళ్లీ ఆర్డర్ పెట్టాల్సిన మట్టం ఇలా తేలుతుంది. రావడానికి పట్టే 12 రోజులకు 30 డబ్బాలు. ఈ సప్లయర్ అతి ఎక్కువగా చేసిన ఆలస్యం 10 రోజులనుకుంటే దానికి ఇంకో 25. మొత్తం 55. అంటే ఇవాళ ఉన్న 41 ఇప్పటికే ఆ మట్టం కింద ఉంది, ఆర్డర్ ఇంతకుముందే వెళ్లి ఉండాల్సింది. పది రోజుల అదనపు ఆయిల్‌కు అయ్యే ఖర్చు సుమారు 9,000, సీ నుంచి వచ్చే మొదటి డబ్బు ఇక్కడికే రావాలి.

ఆరో అడుగు: తరగతిని బట్టి పనులు

ఏ ఐటమ్‌ల నిల్వను వారానికోసారి చేత్తో లెక్కపెట్టండి. సిస్టమ్‌లో అంకెను నమ్మి ఊరుకోవడానికి ఇవి వీలివ్వవు. ఆర్డర్లు చిన్నవిగా, తరచుగా పెట్టండి. ప్రతి ఏ ఐటమ్‌కూ రెండో సప్లయర్ ఒకరు ఉండాలి, ధర కాస్త ఎక్కువైనా సరే. బేరం ఆడాల్సిందీ ఇక్కడే. ఆయిల్ కొనుగోలు ధరలో ఒక్క శాతం తగ్గితే ఏడాదికి 3,300 మిగులుతుంది. బల్బుల మీద ఒక్క శాతం కోసం గంటసేపు బేరమాడితే మిగిలేది 60.

బీకి నెలకోసారి చూస్తే చాలు. సీకి రెండు డబ్బాల పద్ధతి పెట్టండి. సరుకును రెండు డబ్బాల్లో పోసి, మొదటిది ఖాళీ అయిన రోజున ఆర్డర్ పెట్టి, వచ్చేదాకా రెండో డబ్బా వాడుకుంటారు. లెక్క రాయాల్సిన పనే ఉండదు. సీ కదా అని ఐటమ్‌ను తీసేయడం మాత్రం వేరే నిర్ణయం. దాని జంట ఎవరో, అది లేకపోతే ఎవరు వెనక్కి వెళ్లిపోతారో చూడకుండా ఆ పని చేయొద్దు.

ఏడో అడుగు: మళ్లీ ఎప్పుడు

మూడు నెలలకోసారి, ప్రతిసారీ వెనకటి పన్నెండు నెలలు తీసుకుని. గీత దగ్గర ఉన్న ఐటమ్‌లు ఈ తడవ ఇటు, వచ్చే తడవ అటు ఊగుతుంటాయి. ప్రతిసారీ తరగతి మారిస్తే ఆర్డర్ పెట్టేవాళ్లు కాగితం చూడటమే మానేస్తారు. అందుకే వరుసగా రెండు తడవలు గీత దాటితేనే మార్చండి. చెయిన్ సెట్ సంగతే తీసుకోండి. వచ్చే మూడు నెలల తర్వాత అది బీలో కనబడినా, ఇంకో మూడు నెలలు వారానికోసారి లెక్కపెడుతూనే ఉండండి.